వాక్య భాగాలు: తొలి పాఠం

పెదజాలారిపేట సాయంత్రం తరగతి, 6, 7 తరగతుల విద్యార్థులకు

ఈ పాఠంలో వాక్యాన్ని విడదీసి, అందులోని ఒక్కొక్క మాట ఏ పని చేస్తోందో గుర్తించడం నేర్చుకుంటాము. బడిలో ఇంగ్లీషు పీరియడ్‌లో మీరు సబ్జెక్ట్, ప్రెడికేట్, డైరెక్ట్ ఆబ్జెక్ట్, ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్, కాంప్లిమెంట్ అనే పేర్లు వినే ఉంటారు. తెలుగులో వాటిని వరుసగా ఉద్దేశ్యం, విధేయం, ప్రధాన కర్మ, అప్రధాన కర్మ, పూరకం అని పిలుద్దాము. పేర్లను బట్టీ పట్టవలసిన పని లేదు. వాక్యాన్ని ఏ ప్రశ్న అడిగితే ఏ భాగం జవాబుగా వస్తుందో తెలిస్తే చాలు, పేర్లు వాడుకలో వాటంతట అవే గుర్తుంటాయి.

ముందుగా ఒక అలవాటును వదులుకోవాలి. వాక్యంలో మొదట వచ్చేది కర్త, నడుమ వచ్చేది కర్మ, చివర వచ్చేది క్రియ అని చాలామంది నేర్చుకుంటారు. చివర క్రియ రావడం తెలుగులో సాధారణమే కానీ, మిగిలిన మాటలు తమ చోటును సులువుగా మార్చుకుంటాయి. “అమ్మ కోడలికి చేపలు ఇచ్చింది” అన్నా, “చేపలు అమ్మ కోడలికి ఇచ్చింది” అన్నా, “కోడలికి అమ్మ చేపలు ఇచ్చింది” అన్నా ఇచ్చినది అమ్మే, పుచ్చుకున్నది కోడలే. కాబట్టి మాట ఉన్న చోటును కాక, మాట చివర చేరిన ప్రత్యయాన్నీ క్రియ రూపాన్నీ చూడాలి. విశ్లేషణను ఎప్పుడూ క్రియ దగ్గరే మొదలుపెట్టండి.

ఉద్దేశ్యం, విధేయం

ప్రతి వాక్యాన్నీ ముందు రెండు ముక్కలుగా చూడవచ్చు. దేని గురించి చెబుతున్నామో అది ఉద్దేశ్యం, దాని గురించి చెప్పే విషయమంతా విధేయం. “మా అన్నయ్య తెల్లవారుజామున హార్బరుకు వెళ్ళాడు” అనే వాక్యంలో “మా అన్నయ్య” ఉద్దేశ్యం, “తెల్లవారుజామున హార్బరుకు వెళ్ళాడు” అనేదంతా విధేయం. విధేయమంటే క్రియ ఒక్కటే అనుకోకూడదు. క్రియ దానికి నడుమ గుంజ వంటిది, తక్కిన మాటలు దాన్ని ఆనుకొని నిలుస్తాయి.

క్రియ ఉన్న వాక్యంలో ఉద్దేశ్యాన్ని, అంటే కర్తను, గుర్తించడానికి “ఎవరు?” లేదా “ఏది?” అని అడగాలి. వచ్చిన జవాబు సరైనదో కాదో క్రియ చివరి అక్షరాలే చెబుతాయి. అన్నయ్య వచ్చాడు, అక్క వచ్చింది, పడవ వచ్చింది, మత్స్యకారులు వచ్చారు, పడవలు వచ్చాయి. కర్త మారినప్పుడల్లా క్రియ చివర ఎలా మారుతోందో గమనించండి. ఇప్పుడు “చేపలు అమ్మ కోడలికి ఇచ్చింది” అనే వాక్యానికి తిరిగి వెళ్దాము. చేపలే కర్త అయితే క్రియ “ఇచ్చాయి” అని ఉండాలి. “ఇచ్చింది” అని ఉంది కనుక కర్త ఏకవచనంలో ఉన్న అమ్మ. సందేహం కలిగినప్పుడు ఈ పరీక్షను మించినది లేదు.

తెలుగులో కర్త మాటగా కనబడకపోవచ్చు. “రేపు కైలాసగిరి వెళ్తాను” అన్నప్పుడు “వెళ్తాను” చివర ఉన్న “ను” వల్లనే కర్త “నేను” అని తెలుస్తోంది. ఇటువంటి వాక్యాన్ని విశ్లేషించేటప్పుడు కర్త లేదని రాయకండి, “నేను, క్రియలో దాగి ఉంది” అని రాయండి.

కొన్ని వాక్యాలలో క్రియే ఉండదు. “విశాఖపట్నం ఓడరేవు నగరం” అనేది పూర్తి వాక్యమే. ఇందులో “విశాఖపట్నం” ఉద్దేశ్యం, “ఓడరేవు నగరం” విధేయం. ఇంగ్లీషులో ఇక్కడ ఒక క్రియ తప్పక ఉండాలి కనుక, తెలుగు వాక్యంలో ఏదో లోపించిందని కొందరు పొరపడతారు. లోపమేమీ లేదు, ఇది మన భాషలో వాక్యం కట్టే తీరు.

ప్రధాన కర్మ

క్రియ ఫలితం నేరుగా దేని మీద, ఎవరి మీద పడుతుందో అది ప్రధాన కర్మ. “దేన్ని?”, “ఎవరిని?”, “ఏమి?” అని అడిగితే వస్తుంది. “నాన్న వల అల్లాడు” అన్నప్పుడు ఏమి అల్లాడు అంటే వల. “అక్క తమ్ముణ్ణి పిలిచింది” అన్నప్పుడు ఎవరిని పిలిచింది అంటే తమ్ముణ్ణి.

ఈ రెండు వాక్యాలలో ఒక తేడా ఉంది. “తమ్ముణ్ణి” అనే మాటలో ద్వితీయా విభక్తి కనబడుతోంది, “వల” అనే మాటకు ప్రత్యయం లేదు. ప్రాణం లేని వస్తువు కర్మ అయినప్పుడు ని, ను అనే ప్రత్యయాలను తరచుగా వదిలేస్తాము. మనిషి కర్మ అయితే మాత్రం వదలడానికి వీలులేదు. “తమ్ముడు పిలిచాడు” అంటే పిలిచినది తమ్ముడు, “తమ్ముణ్ణి పిలిచాడు” అంటే పిలిచినది మరెవరో. ప్రత్యయం ఒక్కటి తప్పితే కర్త కర్మ తారుమారవుతాయి కాబట్టి, రాసేటప్పుడు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడండి.

“ఏమి?” అనే ప్రశ్నకు జవాబు వచ్చినంత మాత్రాన అది కర్మ కాదు. “వల చిరిగింది” అనే వాక్యంలో ఏమి చిరిగింది అని అడిగితే వల అనే వస్తుంది, కానీ ఇక్కడ వల కర్త. ఇందులో కర్మ లేదు. “రాయి వలను చింపింది” అన్నప్పుడు రాయి కర్త, వల కర్మ. చిరుగు అనేది కర్మ అవసరం లేని అకర్మక క్రియ, చింపు అనేది కర్మను కోరే సకర్మక క్రియ. తెగు, తెంపు, విరుగు, విరుచు, ఆరు, ఆర్పు అనే జంటలను మీరే వాక్యాలలో పెట్టి చూడండి.

అప్రధాన కర్మ

ఇవ్వడం, చూపించడం, చెప్పడం, పంపడం వంటి పనులలో వస్తువుతో పాటు దాన్ని అందుకొనేవారు కూడా ఉంటారు. అందుకొనేవారిని తెలిపే మాట అప్రధాన కర్మ. “ఎవరికి?” అని అడిగితే ఇది దొరుకుతుంది, దీని చివర సాధారణంగా కి లేదా కు ఉంటుంది. పాత వ్యాకరణాలలో, ఇచ్చినదాన్ని పుచ్చుకొనేవారికి సంప్రదానమనే పేరుంది.

“అక్షయ తృతీయనాడు సింహాద్రి అప్పన్న భక్తులకు నిజరూప దర్శనం ఇస్తాడు.” ఏడాది పొడవునా చందనం పూతలో ఉండే స్వామి గురించిన ఈ వాక్యం మీ అందరికీ తెలిసిన సంగతే కనుక, దీన్ని నిదానంగా విడదీద్దాము. క్రియ “ఇస్తాడు”. ఎవరు ఇస్తాడు అంటే సింహాద్రి అప్పన్న, ఇది ఉద్దేశ్యం. ఏమి ఇస్తాడు అంటే నిజరూప దర్శనం, ఇది ప్రధాన కర్మ. ఎవరికి ఇస్తాడు అంటే భక్తులకు, ఇది అప్రధాన కర్మ. “అక్షయ తృతీయనాడు” అనేది ఎప్పుడో తెలిపే మాట, కర్మ కాదు. ఉద్దేశ్యాన్ని పక్కన పెడితే మిగిలినదంతా విధేయం.

కి, కు కనబడిన ప్రతి మాటనూ అప్రధాన కర్మ అనుకోవడమే విద్యార్థులు ఎక్కువగా చేసే తప్పు. “గాజువాకకు వెళ్ళాడు” అన్నప్పుడు “గాజువాకకు” చోటును చెబుతోంది, “పది గంటలకు వచ్చాడు” అన్నప్పుడు “గంటలకు” సమయాన్ని చెబుతోంది. ఈ రెండింటిలో ఎవరూ ఏదీ అందుకోవడం లేదు.

ఇంకొక రకం మరింత చిక్కైనది. “నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు”, “తాతకు జ్వరం వచ్చింది” అనే వాక్యాలు చూడండి. అర్థాన్ని బట్టి “నాకు”, “తాతకు” ముఖ్యమైన మాటల్లా తోస్తాయి. కానీ క్రియ ఎవరిని అనుసరిస్తోంది? “ఉన్నారు” అన్నలను అనుసరించింది, “వచ్చింది” జ్వరాన్ని అనుసరించింది. కాబట్టి ఈ పాఠంలో అన్నలు, జ్వరం అనే మాటలనే కర్తలుగా రాయండి. “నాకు”, “తాతకు” అనేవి కలిగి ఉన్నవారిని, అనుభవించేవారిని తెలిపే మాటలు. వాటిని అప్రధాన కర్మలో కలపకండి.

“విద్యార్థి మాస్టారిని సందేహం అడిగాడు” అనే వాక్యంలో మాత్రం మనిషికి “కి” బదులు “ని” వచ్చింది. అడుగు అనే క్రియ స్వభావం అది. ఇక్కడ “సందేహం” ప్రధాన కర్మ, “మాస్టారిని” అప్రధాన కర్మ.

పూరకం

కొన్ని క్రియలు కర్తతో మాత్రమే నిండవు, అలాగని కర్మనూ కోరవు. “జలాంతర్గామి మారింది” అంటే వినేవారు “ఎలా మారింది?” అని ఎదురుచూస్తారు. బీచ్ రోడ్డులో మీరు చూసిన కురుసుర జలాంతర్గామిని నౌకాదళం 2001లో సేవల నుంచి తప్పించింది. “2002లో ఆ జలాంతర్గామి మ్యూజియంగా మారింది.” ఇందులో “మ్యూజియంగా” పూరకం, అది వేరే వస్తువును కాక ఆ జలాంతర్గామినే తెలుపుతోంది. కర్మకూ పూరకానికీ ఉన్న అసలు తేడా ఇదే. “సంఘ సభ్యులు ఆమెను కోశాధికారిగా ఎన్నుకున్నారు” అన్నప్పుడు కోశాధికారి అయినది “ఆమె”, అంటే కర్మ. అందువల్ల అది కర్మకు పూరకం.

“గా” ఉన్న మాటలన్నీ పూరకాలు కావు. “సముద్రం ప్రశాంతంగా ఉంది”, “పడవ నెమ్మదిగా వచ్చింది” అనే రెండింటికీ “ఎలా?” అనే ప్రశ్నే సరిపోతుంది. అయితే “ప్రశాంతంగా” తీసేస్తే “సముద్రం ఉంది” అనే వేరే అర్థం మిగులుతుంది. “నెమ్మదిగా” తీసేసినా పడవ వచ్చిందన్న మాట అలాగే నిలుస్తుంది. మొదటిది సముద్రం స్థితిని చెప్పే పూరకం, రెండవది వచ్చిన తీరును చెప్పే క్రియా విశేషణం.

క్రియ లేని వాక్యంలో విధేయంగా నిలిచే నామవాచకం కూడా పూరకమే. అది ఉద్దేశ్యాన్ని అనుసరించి మారుతుంది: ఆయన మత్స్యకారుడు, నువ్వు మత్స్యకారుడివి, మేము మత్స్యకారులం, నేను మత్స్యకారుణ్ణి. ఈ చివరి రూపం “మత్స్యకారుణ్ణి పిలిచాను” అనే వాక్యంలోని కర్మ రూపంలాగే కనబడుతుంది. రూపం ఒకటే అయినా, మొదటి దానిలో నేనూ మత్స్యకారుడూ ఒక్కరే, రెండవ దానిలో ఇద్దరు.

అభ్యాసం

కింది వాక్యాలలో ముందు క్రియను గుర్తించి, తరువాత ప్రశ్నలు వేసి భాగాలను రాయండి. క్రియ లేకపోతే లేదని రాయండి. మొదటిది చేసి చూపిస్తున్నాను.

“పూర్ణా మార్కెట్‌లో పిన్ని మాకు మామిడిపళ్ళు కొనిపెట్టింది.” క్రియ: కొనిపెట్టింది. ఉద్దేశ్యం: పిన్ని. ప్రధాన కర్మ: మామిడిపళ్ళు. అప్రధాన కర్మ: మాకు. పూరకం: లేదు. “పూర్ణా మార్కెట్‌లో” చోటును తెలుపుతోంది.

అరకు కాఫీ రుచిగా ఉంటుంది.
డ్రైవరు కాంప్లెక్స్ దగ్గర బస్సు ఆపాడు.
మా అక్కకు సముద్రమంటే భయం.
నన్ను తరగతి నాయకుడిగా ఎన్నుకున్నారు.
నేను మీ ఊరివాణ్ణి.
సాయంత్రం ఆరింటికి తాత పిల్లలకు లైట్‌హౌస్ చూపించాడు.