మామ్మగారి పూతరేకులు: బ్రాండ్ కథ వీడియోకి కథా క్రమం

నిడివి: నాలుగున్నర నిమిషాలు. చిత్రీకరణ: ఆత్రేయపురంలో ఇల్లు, కొట్టు; రావులపాలెం బస్టాండు; శనివారం ఉదయం వాడపల్లి. మాట్లాడేవాళ్లు ఇద్దరే: మామ్మగారు, మనవరాలు. వేరే గొంతు అక్కర్లేదు.

కుటుంబానికీ దర్శకుడికీ ముందుగా ఒక మాట. పూతరేకు మన ఇంట్లో పుట్టిందని ఎక్కడా చెప్పం. అది ఊరందరిదీ. 2023లో వచ్చిన భౌగోళిక గుర్తింపు కూడా ఆత్రేయపురం పేరు మీదే వచ్చింది. ఇన్ని వందల ఏళ్ల చరిత్ర అని అంకెలు కూడా వేయొద్దు. మనది అని గట్టిగా చెప్పుకోగలిగేది ఒకటుంది: ఈ కొట్టు పెట్టింది అమ్మకం తెలిసినవాళ్లు కాదు, రేకు తీసే మనిషి. నాలుగున్నర నిమిషాలూ దాని చుట్టూనే తిరగాలి.

మొదటి ఘట్టం: కుండ (0:00 నుంచి 0:35)

తెర నల్లగా ఉండగానే శబ్దం మొదలవ్వాలి. ఎండు కొబ్బరాకు అంటుకునే చిటపట. తడి గుడ్డ వేడి కుండ మీద పడినప్పుడు వచ్చే సుయ్‌మనే చప్పుడు. అప్పుడు బొమ్మ: బోర్లించిన కుండ నున్నటి వీపు, దాని మీదుగా పిండినీళ్లలో ముంచిన పల్చటి గుడ్డను పరిచి లాగే చెయ్యి. గుడ్డ వెళ్లిన చోట తెల్లటి పొర. కళ్ల ముందే ఆరి, అంచు లేస్తుంది. రెండు వేళ్లు దాన్ని ఎత్తుతాయి. రేకు గుండా అవతలి మంట కనిపించాలి.

ఈ షాటు ఎక్కడా కత్తిరించొద్దు. ఒక రేకు మొదలు నుంచి చివరి దాకా చూడాలి. సంగీతం లేదు.

మామ్మగారి గొంతు: "బియ్యం, నీళ్లు, మంట. రేకులో ఇంకేం లేదండి. మిగతాదంతా చెయ్యే."

అప్పుడు ముఖం చూపిస్తాం. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. పట్టుచీర వద్దు, నగలు వద్దు. ఇంట్లో రోజూ కట్టుకునే నేత చీరే.

రెండో ఘట్టం: ఎవరికోసమో తీసిన రేకులు (0:35 నుంచి 1:15)

మామ్మగారు పెరట్లో కూర్చుని కెమెరాతో కాకుండా మనవరాలితో మాట్లాడుతుంటారు. ముందే రాసిచ్చిన డైలాగులు ఆవిడ చేత చెప్పించొద్దు. కింద ఉన్నది ఆవిడ మాకు చెప్పినప్పుడు రాసుకున్నది. చిత్రీకరణ రోజు ఆవిడ ఇంకోలా చెబితే అదే ఉంచుకుందాం.

"కాపరానికి వచ్చేక మా అత్తగారు కుండ ముందు కూర్చోబెట్టేరు. మొదట్లో వేళ్లు కాలిపోయేవి. గుడ్డ నెమ్మదిగా లాగితే రేకు మందం అయిపోద్ది, గబుక్కున లాగితే చిల్లులు పడతాయి. ఆ లాగడం చెబితే రాదు. వందల లెక్కన రేకులు కట్టి కొట్టువాళ్లకి ఇచ్చేవాళ్లం. చుట్టి అమ్ముకునేది వాళ్లు. మనకి వచ్చేది రేకు కూలి."

ఈ చివరి మాట దగ్గర ఆగాలి. ఫిర్యాదులా వినిపించకూడదు, ఆవిడ అలా చెప్పలేదు కూడా. ఏ కొట్టు పేరూ రానివ్వొద్దు. చూసేవాళ్లకి తెలియాల్సింది రేకు తీయడం ఒక పని, చుట్టి అమ్మడం ఇంకో పని అనీ, పెట్టె మీద పేరు ఎప్పుడూ రెండో పనివాళ్లదే ఉండేదనీ.

మూడో ఘట్టం: 1986 ఆగస్టు (1:15 నుంచి 2:00)

ఆ ఏడు గోదావరికి వచ్చిన వరద కోనసీమలో పెద్దవాళ్లందరికీ గుర్తే. దాన్ని గ్రాఫిక్స్‌తో కట్టి చూపించే ప్రయత్నం చేయొద్దు. ఇప్పటి ఏటిగట్టు మీద మామ్మగారు నడుస్తుంటే చాలు. గట్టు ఎంత ఎత్తుందో, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆవిడ చేత్తో చూపిస్తారు. ఆ చెయ్యిని మించిన దృశ్యం మనం తీయలేం.

మనవరాలి గొంతు: "రాకపోకలు ఆగిపోయాయి. రేకులు తీసుకెళ్లే కొట్టువాళ్లు రాలేదు. అటక మీద పొడిగా దాచిన కట్టలు అలాగే ఉండిపోయాయి. వినాయక చవితి దగ్గర పడుతోంది. ఇంట్లో డబ్బుల్లేవు."

మామ్మగారు: "నెయ్యీ పంచదారా అరువు తెచ్చేను. చుట్టడం చూసేనే గానీ ఎప్పుడూ చుట్టలేదు. రాత్రంతా కూర్చున్నాం, నేనూ మీ తాతయ్యా. తడిగుడ్డ తగిలిస్తే రేకు మెత్తబడతాది, అప్పుడు నెయ్యి రాసి, పొడి జల్లి, మడత పెట్టాలి. తడి ఎక్కువైతే ముద్దే. బోలెడు పాడయిపోయేయి. ఆ ముద్దలే మర్నాడు పిల్లలు తిన్నారు."

ఇక్కడ ఆవిడ నవ్వుతారు. మాతో చెప్పినప్పుడూ నవ్వారు. అంత కష్టం చెబుతూ వచ్చే ఆ నవ్వు పోగొట్టుకోవద్దు. కింద విషాద సంగీతం పెడితే అది చచ్చిపోతుంది.

నాలుగో ఘట్టం: గంపా, సైకిలూ (2:00 నుంచి 2:30)

ఇది త్వరగా దాటేద్దాం. తాతగారి పాత ఫొటో ఒకటే ఉంది, పెళ్లిలో తీసింది. అది చూపించి రావులపాలెం బస్టాండుకి వెళ్లిపోవాలి: ఆగుతున్న బస్సులు, కిటికీల్లోంచి చాచిన చేతులు.

మనవరాలు: "తాతయ్య సైకిల్ మీద గంప పెట్టుకుని ఇక్కడికొచ్చారు. తెచ్చినవన్నీ బస్సు కిటికీల్లోనే అమ్ముడుపోయాయి. ఆ తర్వాత మళ్లీ ఇంకొకరి కొట్టుకి మామ్మ రేకులు కట్టలేదు."

1994లో ఊళ్లో చిన్న కొట్టు. బోర్డు మీద 'పూతరేకులు' అన్న ఒక్క మాటే. పేరు పెట్టింది వాడపల్లి వెంకన్నబాబు దగ్గరికి ఏడు శనివారాల మొక్కుతో వచ్చే భక్తులు. వచ్చిన వారం మళ్లీ వస్తూ "ఆ మామ్మగారి కొట్టెక్కడండీ?" అని దారిలో అడిగేవాళ్లు. వాడపల్లిలో తీసే శనివారం జనం మీద ఈ మాట పడాలి. కొట్టు పేరు మన వీడియోలో మొదటిసారి వినిపించేది ఇక్కడే.

ఐదో ఘట్టం: వదులుకున్న పెళ్లి ఆర్డరు (2:30 నుంచి 3:40)

కథకి గుండెకాయ ఇదే. సమయం తక్కువైతే నాలుగో ఘట్టంలో కోసుకోండి, ఇందులో మాత్రం ఒక్క సెకను కూడా తీయొద్దు.

మనవరాలు కొట్టు లోపల, పెట్టెల మధ్య నిలబడి చెబుతుంది: "నాన్న కొట్టు చూసుకోవడం మొదలుపెట్టాక ఒక పెద్ద పెళ్లి ఆర్డరు వచ్చింది. మన కుండలు సరిపోవు. నాన్న బయటి నుంచి రేకులు కొని తెచ్చారు. అందరం కూర్చుని చుట్టేశాం, పెట్టెలు కట్టేశాం. బండి ఎక్కించే ముందు మామ్మ ఒక పెట్టె విప్పి, ఒకటి తీసి నోట్లో వేసుకుంది."

కోత. మామ్మగారి చేతిలో రెండు రేకులు, వెలుతురుకి ఎదురుగా. ఒకదాని గుండా కిటికీ ఊచలు కనిపిస్తాయి, రెండోదాని గుండా కనిపించవు. ఇది నిజంగా తీయాలి. మందం రేకు కావాలని తీసిపెడతామని ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకున్నారు.

మామ్మగారు: "మంచి రేకు నాలిక మీద కరిగిపోవాలి. అది నమలాల్సొచ్చింది. తప్పు తీసినవాళ్లది కాదు, కూలి తక్కువిచ్చి గబగబా తియ్యమంటే ఎవరైనా అలాగే తీస్తారు. మావాడితో చెప్పేను, ఎవరు తీసేరో తెలియని రేకు మన పెట్టెలో పెట్టొద్దు అని."

మనవరాలు: "ఆర్డరు వదులుకున్నాం. అడ్వాన్సు తిరిగిచ్చేశాం. నాన్న రెండు రోజులు మామ్మతో మాట్లాడలేదు."

నాన్నగారు ఇక్కడ కనిపించాలి, మాట్లాడకుండా. నెయ్యి కాచే గిన్నె దగ్గర నిలబడి, తల్లి వైపు చూస్తూ. ఆయన ఈ ఘట్టం ఉంచడానికి మొదట ఇష్టపడలేదు. తర్వాత తానే 'పెట్టండి, అదే నిజం' అన్నారు. ఆయన్ని తక్కువ చేసే కోణంలో తీయొద్దు. పదిమందికి జీతాలివ్వాల్సిన మనిషి టెన్షన్ ఆయనది, అది కూడా న్యాయమైనదే.

ఆ తర్వాతే పెట్టె మారింది. ఇప్పుడు ప్రతి పెట్టె మూత లోపల 'రేకు తీసినవారు' అని అచ్చువేసి, పక్కన చేత్తో పేరు రాస్తున్నారు. రాసే చెయ్యి, ఆ పేరు చదువుకుని నవ్వే మనిషి: ఈ రెండు షాట్లూ వెంటవెంటనే రావాలి. కుండల దగ్గర పనిచేసే ఆరుగురినీ వరసగా, వాళ్ల కుండల ముందే చూపిద్దాం. అక్కడ ఫ్యాన్ ఉండదు, గాలికి రేకు ఎగిరిపోతుంది కనక. ముఖాల మీద చెమట తుడిపించకండి. మంట ముందు చేసే పని అని ఆ చెమటే చెబుతుంది.

ఆరో ఘట్టం: ఇప్పుడు (3:40 నుంచి 4:15)

మనవరాలు కుండ ముందు కూర్చుంటుంది. రేకు చిరుగుతుంది. మళ్లీ వేస్తుంది, మళ్లీ చిరుగుతుంది. మామ్మగారు పక్క నుంచి "మంట తగ్గించు" అంటారు. మూడోసారి సగం రేకు వస్తుంది. అంతవరకే. అద్భుతంగా నేర్చేసుకున్నట్టు చూపిస్తే ఇందాకటి నుంచి చెప్పిన 'చెయ్యి' విలువ పోతుంది.

మనవరాలు: "నాకు రేకు రాదు. నేర్చుకుంటున్నా. నేను చేసేది దాన్ని మీ ఇంటిదాకా విరక్కుండా చేర్చడం. గాలిలో తేమ తగిలినా రేకు పాడవుతుంది, అందుకే ఏ రోజు చుట్టినవి ఆ రోజే పెట్టెలో పెట్టి, గాలి చొరబడకుండా మూసి పంపిస్తాం. పంచదారవీ బెల్లంవీ వేర్వేరుగా."

డ్రైఫ్రూట్ రకాలు, ధరలు, ఆఫర్లు ఈ వీడియోలో రావు. వాటికి వేరే వీడియో చేద్దాం.

చివరి అట్ట (4:15 నుంచి 4:30)

తెల్లటి తెర మీద పేరు: మామ్మగారి పూతరేకులు, ఆత్రేయపురం. కింద చిన్న అక్షరాల్లో: 'రేకు తీసినవారి పేరు మూత లోపల ఉంటుంది.' ఆ వెనక ఆరుగురు ఆడవాళ్లూ పని మధ్యలో మాట్లాడుకునే మాటలు, నవ్వులు, ఎవరో "పిండి అయిపోయింది, పట్రండే" అని పిలవడం. ఆ శబ్దాలు పని జరుగుతుండగా మామూలుగా రికార్డు చేయాలి, అడిగి అనిపించినవి వద్దు.

ఫోన్లలో చూసేవాళ్లకి రెండు నిమిషాల నిడివితో ఇంకో కూర్పు కావాలి. అందులో మొదటి ఘట్టం, ఐదో ఘట్టం, చివరి అట్ట ఉంటే సరిపోతుంది. రెండు కూర్పులూ బయటపెట్టే ముందు ఆ ఆరుగురికీ కొట్టులోనే వేసి చూపించాలి. ఎవరైనా తన ముఖం వద్దంటే తీసేయాలి, ఎంత మంచి షాటైనా సరే.