మా మెనూ: లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం

ధరలన్నీ రూపాయల్లో, కుడివైపు వరుసలో ఉన్నాయి. బిల్లు మీద 5 శాతం జీఎస్టీ పడుతుంది. సర్వీస్ చార్జీ వేయం.
పచ్చ చుక్క (🟢) ఉన్నవి శాకాహారం. వాటికి పొయ్యి, నూనె, గరిటెలు అన్నీ వేరు.

---

## పొద్దున టిఫిన్లు
6:30 నుంచి 10:30 వరకు

| | |
|:---|---:|
| 🟢 ఇడ్లీ (3) | 40 |
| 🟢 నేతి ఇడ్లీ, కారప్పొడితో (3) | 60 |
| 🟢 మైసూరు బోండా (4) | 50 |
| 🟢 పెసరట్టు | 55 |
| 🟢 ఉప్మా పెసరట్టు | 75 |
| 🟢 పూరీ, బంగాళదుంప కూర (3) | 60 |
| 🟢 చోడి అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ | 40 |

పెసరట్టుకి అల్లం పచ్చడే ఇస్తాం. కొబ్బరి చట్నీ కావాలంటే అడగండి, కాదనం గానీ అల్లం పచ్చడి రుచి చూశాకే అడగండి. అంబలి ఎండాకాలంలో తొమ్మిదింటికల్లా అయిపోతుంది.

---

## మధ్యాహ్నం భోజనం
12:00 నుంచి 3:30 వరకు

| | |
|:---|---:|
| 🟢 అరిటాకు భోజనం | 140 |
| చేపల పులుసు భోజనం | 220 |
| కోడికూర భోజనం | 210 |

అన్నం, పప్పు, వేపుడు, పులుసు, చారు, పెరుగు ఎన్నిసార్లయినా వడ్డిస్తాం. చేప, కోడి మాత్రం ఒక్కసారే.
గుమ్మడికాయ దప్పళం మంగళ, శుక్రవారాల్లో. ఆవ పెట్టిన పనసపొట్టు కూర పనసకాయలు వచ్చే కాలంలోనే. దప్పళంలో అనకాపల్లి బెల్లం కాస్త గట్టిగానే పడుతుంది. తీపి వద్దనుకునేవాళ్లు ముందే చెబితే చారు పోస్తాం.

---

## సముద్రం నుంచి
మధ్యాహ్నం, రాత్రి

వేపుళ్లు

| | |
|:---|---:|
| వంజరం (1 ముక్క) | 230 |
| కానాగంతలు (2) | 160 |
| నెత్తళ్లు (ప్లేటు) | 180 |
| రొయ్యలు (ప్లేటు) | 270 |

పులుసులు, ఇగుర్లు

| | |
|:---|---:|
| వంజరం పులుసు (2 ముక్కలు) | 320 |
| కానాగంతల పులుసు (2) | 170 |
| ఎండు నెత్తళ్లు, వంకాయ | 170 |
| సొర పిట్టు | 220 |
| రొయ్యల ఇగురు | 280 |

తూకం మీద

| | |
|:---|---:|
| చందువా | పలక మీద |
| పీతలు | పలక మీద |

పలక కౌంటర్ పక్కనే ఉంటుంది. పొద్దున హార్బర్‌లో పాట ఎంతకి పోతే దాన్ని బట్టి రాస్తాం. తూకం మీ ఎదురుగానే, పచ్చి చేపకే. కోసి, కడిగి, వండడానికి అరగంట పడుతుంది. ఆకలి మీదుంటే ఈలోగా నెత్తళ్లు చెప్పండి.

ఎముకల భయం ఉన్నవాళ్లకి, పిల్లలకి సొర పిట్టు, వంజరం. రుచికి మా ఓటు మాత్రం కానాగంతలకే. ముళ్లు తీసుకుంటూ నెమ్మదిగా తినాలి, ధరా తక్కువే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు వేటకి వెళ్లవు. ఆ రెండు నెలలూ పెదజాలారిపేట ఒడ్డుకి తెప్పల మీద వచ్చినదే సముద్రం చేప, అదీ దొరికినంతే. చెరువు చేప వండిన రోజు పలక మీద చెరువు చేప అనే రాసి ఉంటుంది.

---

## కోడి, మేక, బిర్యానీ
మధ్యాహ్నం, రాత్రి

| | |
|:---|---:|
| కోడి వేపుడు | 220 |
| నాటుకోడి పులుసు | 320 |
| మేక మాంసం ఇగురు | 360 |
| కోడి బిర్యానీ | 230 |
| రొయ్యల బిర్యానీ | 300 |
| 🟢 కూరగాయల బిర్యానీ | 170 |

బొంగులో చికెన్ మా దగ్గర లేదు. చాలామంది అడుగుతున్నారు గానీ, అది అరకు దారిలో నిప్పుల మీద కాలుతుండగా నిలబడి తినాల్సిన వంట. గ్యాసు పొయ్యి మీద చేసి ఆ పేరు పెట్టలేం.

---

## రాత్రి టిఫిన్లు
7:00 నుంచి 10:30 వరకు

| | |
|:---|---:|
| 🟢 చపాతీ, కుర్మా (2) | 60 |
| 🟢 రవ్వదోసె | 70 |
| 🟢 పెరుగన్నం, ఊరమిరపకాయ | 70 |

---

## తీపి, కాఫీ
రోజంతా

| | |
|:---|---:|
| 🟢 మాడుగుల హల్వా (50 గ్రాములు) | 60 |
| 🟢 బెల్లం పరమాన్నం | 50 |
| 🟢 అరకు ఫిల్టర్ కాఫీ | 35 |
| 🟢 టీ | 20 |
| 🟢 మజ్జిగ | 20 |

హల్వా మేం చేసేది కాదు, మాడుగుల నుంచే తెప్పిస్తాం. కాఫీలో చికోరీ కలపం. చేదు ఎక్కువనిపిస్తే ఇంకొంచెం పాలు పోయిస్తాం, దానికి డబ్బులు లేవు.

---

పార్సిల్ డబ్బాకి 10. పులుసుకి గిన్నె మీరు తెచ్చుకుంటే అదీ ఉండదు.
వేరుశనగ, రొయ్య, పీత పడనివాళ్లు ఆర్డర్ చెప్పేటప్పుడే వడ్డించేవాళ్లకి చెప్పండి.
సోమవారం రాత్రి సెలవు.