పిన్నికి, చెల్లి బయాప్సీ రిపోర్టు గురించి

తిరుపతి,
మంగళవారం రాత్రి

పిన్నీ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. రెండో పేజీలో చివరి వాక్యం కింద ఎర్ర పెన్నుతో నువ్వు గీసిన గీత కూడా చూశాను. అందులో ‘మాలిగ్నెన్సీ’ అన్న మాట కనబడిందని బాబాయి అన్నం ముట్టలేదట, నువ్వు కాణిపాకం వినాయకుడికి మొక్కుకున్నావట. తమ్ముడు ఫోనులో చెప్పాడు. మిగతాదంతా తర్వాత, ముందు ఇది చదువు: ఆ మాటకు ముందు ‘నో ఎవిడెన్స్ ఆఫ్’ అని ఉంది. క్యాన్సర్ ఆనవాళ్లు కనబడలేదని దాని అర్థం. నువ్వు భయపడి గీత గీసింది శుభవార్త కింద!

ఈ పొరపాటు నువ్వొక్కదానివే చేయలేదులే. ‘నెగెటివ్ ఫర్ మాలిగ్నెన్సీ’ అని రాసి ఉంటే, నెగెటివ్ అంటే చెడ్డదేమో అని మా ల్యాబు కిటికీ దగ్గరే ఏడ్చేసిన వాళ్లున్నారు. కరోనా రోజుల్లో నెగెటివ్ వస్తే అందరం ఊపిరి పీల్చుకున్నాం కదా, ఇదీ అంతే.

రిపోర్టు రావడానికి అయిదు రోజులెందుకు పట్టింది, ఏదో దాస్తున్నారా అని అడిగావు. దాచడానికేమీ లేదు. చెల్లి రొమ్ములోని గడ్డ నుంచి సూదితో తీసిన ముక్క సేమ్యా పోగంత ఉంటుంది. దాన్ని ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో పోతపోసి, వెంట్రుక మందంలో పదోవంతు కూడా ఉండని పొరలుగా కోసి, గాజు పలక మీద పరచి, రంగు వేయాలి. ప్రతి కణం లోపల ఉండే కేంద్రకం నీలంగానూ చుట్టుపక్కలంతా గులాబీగానూ తేలుతుంది. అంతవరకూ మాలాంటి టెక్నీషియన్ల పని. ఆ తర్వాత పాథాలజీ డాక్టరు సూక్ష్మదర్శినిలో చూసి రాసేదే నీ చేతిలో ఉన్న కాగితం.

ఇప్పుడు బినైన్, మాలిగ్నెంట్ అనే రెండు మాటల సంగతి. మన వేరుశనగ చేను గుర్తు తెచ్చుకో. గట్టు పక్కన ఒక మొక్క ఏపుగా గుబురెక్కిందనుకో. చోటు ఆక్రమిస్తుంది కానీ తన పాదులోనే ఉంటుంది. బినైన్ గడ్డ అలాంటిది. కణాలు అవసరానికి మించి పెరిగినా చూడటానికి మామూలు కణాల్లాగే ఉంటాయి, హద్దు దాటి పక్క కండలోకి చొరబడవు, వేరే అవయవానికి పాకవు. మాలిగ్నెంట్ అంటే తుంగ. పైన పీకినా అడుగున గడ్డలు వేసుకుంటూ పక్క చేలోకి పోతుంది. ఆ కణాల కేంద్రకాలు పెద్దవిగా, వంకరటింకరగా, ముదురు రంగులో కనబడతాయి. హద్దు చీల్చుకుని పోతాయి, రక్తంలోనో లింఫు నాళాల్లోనో పడి దూరంగా మళ్లీ మొలుస్తాయి. క్యాన్సర్ అనేది దీన్నే.

చెల్లి రిపోర్టులో రోగం పేరు ‘ఫైబ్రోఎడినోమా’ అని ఉంది. దాని వయసు అమ్మాయిల రొమ్ములో తరచుగా కనబడే బినైన్ గడ్డ ఇది. వేలితో నొక్కితే చింతగింజలా జారిపోతోందని నువ్వే చెప్పావు కదా, అదీ దీని లక్షణమే.

అలాగని కాగితం బీరువాలో పెట్టేసి ఊరుకోవద్దు. సూది తీసింది గడ్డ మొత్తం కాదు, కొన్ని పోగులు మాత్రమే. అందుకే డాక్టరు చేత్తో చూసినదీ, స్కానులో కనబడినదీ, బయాప్సీ చెప్పినదీ మూడూ ఒకే మాట మీద ఉన్నాయా అని చూస్తారు. ఒకటి తేడాగా ఉంటే మళ్లీ ముక్క తీయమంటారు, లేదా గడ్డ మొత్తం తీసేస్తారు. గడ్డ పెరుగుతున్నా, మరీ పెద్దదైనా తీసేయమనవచ్చు. బినైన్‌కూ మాలిగ్నెంట్‌కూ నడుమ ‘ఎటిపియా’ అని ఇంకో మాట ఉంటుంది, కణాల తీరు కాస్త అనుమానంగా ఉందని. చెల్లి రిపోర్టులో అది లేదు. రెండుసార్లు వెతికాను.

సూది గుచ్చితే మంచి గడ్డ క్యాన్సర్‌గా మారుతుందని చెప్పిన ఎదురింటావిడకు ఒక నమస్కారం పెట్టి పంపించు. అలా మారదు.

బాబాయి వేలూరు తీసుకుపోదామంటున్నాడట. మనసు కుదుటపడుతుందంటే తీసుకెళ్లండి, కానీ దానికి మళ్లీ సూది గుచ్చించాల్సిన పని లేకపోవచ్చు. ఇక్కడి ల్యాబులో మైనపు దిమ్మలు, గాజు పలకలు అడిగి తీసుకుంటే అక్కడివాళ్లు వాటినే చూసి చెప్పగలరు. రాతపూర్వకంగా అడగాలి, వట్టి చేతులతో వెళ్లవద్దు.

గురువారం సర్జన్ దగ్గరికి వెళ్లేటప్పుడు స్కాను ఫిల్ము, రిపోర్టు రెండు పేజీలూ పట్టుకురా. ‘క్యాన్సరా కాదా’ అని మళ్లీ అడగకు, కాగితం చెప్పేసింది. ‘స్కానూ బయాప్సీ సరిపోయాయా, మళ్లీ ఎన్ని నెలలకు చూపించాలి’ అని అడుగు. పది గంటలకు నేనూ వస్తాను. బాబాయికి ఈ ఉత్తరం చదివి వినిపించి, ముందు అన్నం పెట్టు.

నీ అక్క కూతురు