రెండు చలరాశులతో బహుళ రిగ్రెషన్: చేత్తో చేసిన లెక్క

ఐదుగురు విద్యార్థులు. x₁ రోజుకు చదివిన గంటలు, x₂ రాసిన మాక్ టెస్టులు, y వచ్చిన మార్కులు.

```
x₁:  1   2   3   4   5
x₂:  2   1   4   3   5
y : 45  44  49  52  55
```

నేరుగా X'X రాస్తే 3×3 మాత్రిక వస్తుంది, దాని విలోమం చేత్తో కట్టడం తప్పులకు తావిచ్చే పని. ముందే సగటులు తీసేస్తే 2×2 సరిపోతుంది. సగటులు 3, 3, 49. విచలనాలు:

```
d₁: -2  -1  0  1  2
d₂: -1  -2  1  0  2
dy: -4  -5  0  3  6
```

ప్రతి వరుసా కూడితే సున్నా రావాలి. రాకపోతే అక్కడే ఆగి సరిచూడండి.

ఇక వర్గాల, లబ్ధాల మొత్తాలు: S₁₁ = 10, S₂₂ = 10, S₁₂ = 2+2+0+0+4 = 8, S₁y = 8+5+0+3+12 = 28, S₂y = 4+10+0+0+12 = 26.

```
[10   8] [b₁]   [28]
[ 8  10] [b₂] = [26]
```

నిర్ధారకం 100 − 64 = 36. విలోమంలో కర్ణం మీది సంఖ్యలు తారుమారవుతాయి, మిగతా రెండింటికి గుర్తు మారుతుంది. ఇక్కడ కర్ణం మీద రెండూ 10 కాబట్టి తారుమారు కంటికి కనిపించదు. వేరే డేటాలో దాన్ని మరిచిపోవడమే ఎక్కువగా జరిగే పొరపాటు.

b₁ = (10×28 − 8×26)/36 = 72/36 = 2
b₂ = (10×26 − 8×28)/36 = 36/36 = 1
b₀ = 49 − 2×3 − 1×3 = 40

సమీకరణం: ŷ = 40 + 2x₁ + x₂. అంచనాలు 44, 45, 50, 51, 55. అవశేషాలు 1, −1, −1, 1, 0. వీటి మొత్తం సున్నా. d₁తో, d₂తో గుణించి కూడినా సున్నాయే. మూడూ సరిపోతే గుణకాలు సరైనవే.

అవశేషాల వర్గాల మొత్తం SSE = 4, dy వర్గాల మొత్తం SST = 86, అంటే R² = 82/86 ≈ 0.953. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 5 − 3 = 2, కాబట్టి s² = 4/2 = 2. 5తో గానీ 4తో గానీ భాగిస్తే దోషం తక్కువగా కనిపించి, t విలువలు ఉబ్బిపోతాయి.

రెండు గుణకాల ప్రామాణిక దోషం ఒకటే: √(2×10/36) ≈ 0.745. t విలువలు 2.68, 1.34. 5% స్థాయిలో, రెండు వైపుల పరీక్షకు, పట్టికలో విలువ 4.303, కనుక ఏ ఒక్కటీ నిలవదు. కానీ రెండు గుణకాలనూ కలిపి పరీక్షించే F = (82/2)/2 = 20.5, పట్టికలోని 19.00ను దాటింది!

ఇందులో వైరుధ్యం లేదు. x₁, x₂ల సహసంబంధం 8/10 = 0.8. రెండూ కలిసి మార్కులను బాగా వివరిస్తాయి, అయితే ఏది ఎంత వివరించిందో ఐదు పరిశీలనలతో విడదీయలేం. ఈ సహసంబంధం వల్ల గుణకాల విస్తృతి (variance) ఎన్ని రెట్లయిందో చెప్పే VIF = 1/(1 − 0.64) ≈ 2.78. x₁ ఒక్కటే వాడితే వాలు 28/10 = 2.8 వస్తుంది. అందులో 2 దాని సొంతం, మిగతా 0.8 x₂ నుంచి వచ్చి చేరినది (1 × 8/10).