పావంగుళం

గోపి కత్తెర అందుకునేసరికి గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. మాస్టారే. పర్లాకిమిడి బజారులో నలభై ఏళ్లు మిషను తొక్కి, చూపు ఆనడం మానేశాక కొట్టు కొడుక్కి అప్పగించారు. అయినా పదయ్యేసరికి టీ వంకతో వచ్చి కూర్చుంటారు.

బల్ల మీద బూడిదరంగు ఉన్ని గుడ్డ, మూడు మీటర్లు. కోరాపుట్‌లో ఉద్యోగానికి వెళ్లే కుర్రాడి కోటుకి. అక్కడి చలికి పాలిస్టర్ చాలదని వాళ్ల నాన్న పట్టుబట్టి కొన్నాడు. సుద్దగీతలు కూడా పడిపోయాయి.

"ఆవిరి పట్టావేట్రా?"

"కొత్త గుడ్డ కదా మాస్టారూ. ఒక్క ముడత కూడా లేదు."

"ముడత సంగతి ఎవడడిగాడు?"

గీతలకి బయట మిగిలే చోట పది అంగుళాల చదరం కోయించారు. అదే కొలతకి ఒక కాగితం. పాత పంచె ముక్క తడిపి, పిండి, గుడ్డ మీద పరిచి ఇస్త్రీపెట్టె పెట్టమన్నారు. బుస్సుమని ఆవిరి లేచింది. వానలో తడిసిన గొర్రె వాసన. గోపి అలవాటుగా పెట్టెను ముందుకి తోశాడు. చేతి మీద ఒక్కటి పడింది.

"రుద్దకు! తడీ వేడీ ఉన్నప్పుడు రుద్దితే పోగులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. కంబళిలా అట్టకట్టేస్తది. పెట్టు, ఎత్తు. అంతే."

ముక్క చల్లారేదాకా ముట్టుకోనివ్వలేదు. టీ అయ్యాక కాగితం మీద పరిచారు. పొడుగు వైపు కాగితం అంచు బయటికి తొంగిచూస్తోంది. గోపి టేపు పెట్టాడు. పావంగుళానికి కాస్త తక్కువ.

"మిల్లులో తడి గుడ్డను లాగి పట్టి ఆరబెడతారు. ఆ బిగువు ఆవిరి తగిలితేనే వదుల్తది. పది అంగుళాలకి ఇంత పోతే ఇరవై నాలుగు అంగుళాల చెయ్యికెంత?"

"దగ్గర దగ్గర... అరంగుళం."

"ఇప్పుడు వదలకపోతే కుట్టాక ఇస్త్రీలో వదుల్తది. లోపల లైనింగు తగ్గదు కదా, చేతి కింద నుంచి వేలాడతది. కుట్లూ ముడుచుకుపోతాయి." కాసేపాగి నవ్వారు. "నా మొదటి కోటు ఒక పెళ్లికొడుక్కి. ఫోటోలో చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు పాపం. వినయం అనుకున్నారు అందరూ."

"వాచీ చూపించుకోడానికి బావుండేది కదా మాస్టారూ."

"నోరు ముయ్యి. పంచె తడుపు."

మొత్తం గుడ్డ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. మడత పెట్టకుండా, వేలాడకుండా బల్ల మీదే పరిచి ఉంచారు, తెల్లారేదాకా. అప్పుడే కుర్రాడి ఫోను: కటింగ్ అయిపోయిందా అని.

గోపి మాస్టారి వైపు చూశాడు. ఆయన ఖాళీ గ్లాసులోకి చూస్తున్నారు.

"రేపండీ" అన్నాడు గోపి.