హాస్టల్ వంటగదిలో కట్టెల పొయ్యి బదులు స్టీమ్ వంట: ప్రతిపాదన

గౌరవనీయులైన మేనేజ్‌మెంట్ కమిటీ వారికి,
హాస్టల్ వార్డెన్ నమస్కరించి రాయునది.

వంటగది పొగ మీద విద్యార్థులు సంతకాలు చేసి ఇచ్చిన ఫిర్యాదును ఈ లేఖతో జత చేశాను. వాళ్లు రాసినదాంట్లో అతిశయోక్తి లేదు. పొయ్యి వెలిగించే వేళకే ఉదయం స్టడీ అవర్ మొదలవుతుంది. గాలి ఇటు తిరిగిందంటే మొదటి అంతస్తు గదుల్లో కిటికీలు మూసుకుని చదవాల్సిందే. ఆస్తమా ఉన్న ఇద్దరిని వెనుక వైపు గదుల్లోకి మార్చాను కానీ, ఆ పొగలోనే గంటల తరబడి నిలబడే వంటవాళ్లను ఎక్కడికి మార్చగలను? కట్టెలు తడిస్తే పొగ రెట్టింపవుతుంది, టిఫిన్ ఆలస్యమై పిల్లలు ఖాళీ కడుపుతో క్లాసుకు పోతారు.

చిమ్నీ ఎత్తు పెంచితే సరిపోదా అని మీరు అడగవచ్చు. దానివల్ల గదుల్లోకి వచ్చే పొగ కొంత తగ్గుతుందేమో గానీ, పొయ్యి నోటి నుంచి వంటగదిలోకి వచ్చేది ఆగదు. అందుకే స్టీమ్ వంటకు మారడమే మంచిదని నా అభిప్రాయం.

ఇందులో బాయిలర్‌ను వంటగది బయట, విడిగా షెడ్డులో పెడతారు. ఆవిరి పైపుల ద్వారా గిన్నెలకు చేరుతుంది. గిన్నెల్లోకే నేరుగా ఆవిరి వదిలే పద్ధతి ఒకటి, రెండు గోడలున్న గిన్నెల్లో ఆ గోడల మధ్య మాత్రమే ఆవిరి తిరిగే పద్ధతి ఇంకొకటి. నేను రెండోదే అడుగుతున్నాను. బాయిలర్ నీళ్లలో కలిపే మందులు తిండికి తగలవు, అడుగు మాడడమూ తక్కువ. అన్నం, పప్పు, కూరగాయలు ఉడికించడం, పాలు కాచడం అన్నీ దీని మీద అవుతాయి. పోపు, వేపుళ్లు మాత్రం కావు. వాటికి రెండు గ్యాస్ పొయ్యిలు ఉంచాలి.

బాయిలర్‌ను గ్యాస్‌తో నడిపేదే తీసుకుందాం. కట్టెలతో నడిపేవీ దొరుకుతాయి, కానీ అది తెస్తే పొగను వంటగది నుంచి షెడ్డుకు మార్చినట్టే.

ఒక విషయంలో రాజీ పడవద్దని మనవి. బాయిలర్ అంటే ప్రెషర్‌తో పని. సేఫ్టీ వాల్వ్, ప్రెషర్ గేజ్, నీళ్లు తగ్గితే మంట తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు తప్పనిసరిగా ఉండాలి. మన బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, పైపుల్లో, బాయిలర్‌లో పొర కడతాయి కాబట్టి సాఫ్ట్‌నర్ కూడా కొటేషన్‌లోనే అడగాలి. ఏ అనుమతులు కావాలో, ఏడాదికోసారి తనిఖీ ఎవరు చేస్తారో సప్లయర్ రాతపూర్వకంగా ఇచ్చాకే ఆర్డర్ పెడదాం.

వంటవాళ్లతో మాట్లాడాను. తమ ఉద్యోగాలు పోతాయేమోనని టెన్షన్ పడుతున్నారు. ఎవరినీ తీసేయబోమని, బాయిలర్ నడపడం వాళ్లలో ఇద్దరికి నేర్పిస్తామని కమిటీ తరఫున ఒక మాట చెప్పాలి.

వేసవి సెలవుల్లో హాస్టల్ ఖాళీగా ఉంటుంది, బిగింపు పని అప్పుడే అయిపోవాలి. అందుకని వచ్చే సమావేశంలోనే దీన్ని చర్చించి, కొటేషన్లు పిలవడానికి నాకు అనుమతి ఇవ్వగలరు. ఈలోగా స్టడీ అవర్‌ను లైబ్రరీకి మారుస్తున్నాను.

ఇట్లు,
హాస్టల్ వార్డెన్

జత: విద్యార్థుల ఫిర్యాదు ప్రతి