బదిలీ ఉత్తర్వు: కోఠి శాఖ నుంచి కూకట్‌పల్లి శాఖకు

ప్రధాన కార్యాలయం, సిబ్బంది విభాగం
కోఠి, హైదరాబాద్
తేదీ: 10 నవంబరు 2025
ఉత్తర్వు సంఖ్య: సిబ్బంది/బదిలీ/47/2025

శ్రీమతి పద్మజ గారికి,
సీనియర్ ఫార్మసిస్టు, కోఠి శాఖ

విషయం: కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ శాఖకు ఇన్‌ఛార్జి ఫార్మసిస్టుగా బదిలీ

పద్మజ గారూ,

సెప్టెంబరులో ఈ సంగతి మొదటిసారి మాట్లాడుకున్నప్పుడు "అంత దూరమా?" అని మీరు అడిగారు. గత శుక్రవారం మళ్లీ కూర్చుని మాట్లాడుకున్నాం. అప్పుడు నోటితో చెప్పిన ప్రతి మాటా కాగితం మీద ఉండాలని మీరు కోరారు. అది న్యాయమైన కోరికే. అందుకే ఈ ఉత్తర్వు మామూలు కంటే కాస్త పొడవుగా ఉంది.

1 డిసెంబరు 2025, సోమవారం నుంచి మిమ్మల్ని కూకట్‌పల్లి శాఖకు ఇన్‌ఛార్జి ఫార్మసిస్టుగా బదిలీ చేస్తున్నాం. అక్కడి ఇన్‌ఛార్జి నవంబరు నెలాఖరున ఉద్యోగం మానుకుని కరీంనగర్‌లో సొంత దుకాణం పెట్టుకుంటున్నారు. ఆ కుర్చీలోకి బయటి నుంచి ఎవరినైనా తీసుకోవచ్చు, దరఖాస్తులు కూడా వచ్చాయి. కానీ ఆ శాఖలో ఏడాదిగా మమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది అమ్మకం కాదు, అలవాట్లు. గడువు దాటిన సరుకు డిస్ట్రిబ్యూటర్లకు వేళకు తిరిగి వెళ్లడం లేదు. పోయిన నెల తనిఖీకి వెళ్లినప్పుడు కౌంటరు సొరుగులో కత్తిరించిన స్ట్రిప్పు ముక్కలు ఇరవైకి పైగా కనిపించాయి. వాటిలో సగం మీద గడువు తేదీ లేదు, బ్యాచ్ నంబరూ లేదు. అవి ఎప్పటివో చెప్పగలిగినవారు అక్కడ ఎవరూ లేరు. అన్నీ పారేయించాం. తేదీ ముద్ర ఉన్న కొస చివరిదాకా మిగిలేలా అవతలి వైపు నుంచి కత్తిరించాలని కోఠిలో చేరిన ప్రతి కుర్రవాడికీ మొదటి రోజే చేయి పట్టి నేర్పేది మీరు. మిమ్మల్నే ఎందుకు పంపుతున్నామని అడిగితే నా దగ్గర ఇంతకంటే పెద్ద కారణం లేదు.

కొత్త బాధ్యతలు

శాఖలో మీ కింద మరో ఫార్మసిస్టు, ముగ్గురు కౌంటరు సహాయకులు, ఇంటింటికీ మందులు చేరవేసే ఒక అబ్బాయి ఉంటారు. వారి షిఫ్టులు, సెలవులు మీరే ఖరారు చేస్తారు. ప్రతి షిఫ్టులోనూ ఒక రిజిస్టర్డ్ ఫార్మసిస్టు దుకాణంలో ఉండి తీరాలి. ఈ ఒక్క విషయంలో సర్దుబాటు లేదు. ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టిన రోజున ఇక్కడి నుంచి మనిషిని పంపే పూచీ మాది.

షెడ్యూల్ హెచ్1 మందుల రిజిస్టరు మీ చేతి కింద ఉండాలి. డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఇచ్చిన పరిమాణం ఏ రోజువి ఆ రోజే రాయించండి. ఆ రిజిస్టరు మూడేళ్లు భద్రపరచాలని మీకు చెప్పక్కరలేదు, అక్కడివారికి మాత్రం చెప్పాల్సి ఉంటుంది. మందుల చీటీ లేకుండా యాంటీబయాటిక్ అడిగేవారు ఆ కాలనీలో ఎక్కువ. పక్కనే హాస్టళ్లున్నాయి, జ్వరం రాగానే పిల్లలు నేరుగా కౌంటరు దగ్గరికే వస్తారు. ఇవ్వనని చెప్పే అధికారం మీకుంది. దానివల్ల అమ్మకం తగ్గితే నేను అడగను.

ఇన్సులిన్, టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఉదయం, సాయంత్రం ఉష్ణోగ్రత రాసే పుస్తకం అక్కడ ఉంది. అయితే వరుసగా పదకొండు రోజులు రెండు పూటలా ఒకే అంకె, ఒకే సిరాతో కనిపించింది. ఎవరో ఒకే బైఠక్‌లో నింపేశారన్నమాట! ఫ్రిజ్‌కు విడిగా ఇన్వర్టరు పెట్టిస్తున్నాం. నవంబరు 25లోగా బిగిస్తారు.

నెలవారీ స్టాకు లెక్క, డిస్ట్రిబ్యూటర్ల బిల్లుల సరిచూపు కూడా మీవే. రోజువారీ నగదు బ్యాంకులో కట్టే పని మీకు లేదు, దాన్ని ప్రధాన కార్యాలయమే చూస్తుంది.

అప్పగింతలు, లైసెన్సు

నవంబరు 17 నుంచి 29 వరకు అప్పగింతలకు కేటాయించాం. ఇందులో మంగళ, గురువారాలు కూకట్‌పల్లిలో పాత ఇన్‌ఛార్జితో గడపండి, మిగిలిన రోజులు కోఠిలో. ఒకే ఫార్మసిస్టు పేరు రెండు లైసెన్సుల మీద ఉండకూడదు కాబట్టి కోఠి లైసెన్సులో మీ పేరు తీసివేయించి, కూకట్‌పల్లి లైసెన్సులో చేర్పించాలి. ఔషధ నియంత్రణ విభాగానికి ఈ మార్పు నెలలోగా తెలపాలి. ఆ దరఖాస్తులు మేమే వేస్తాం. రుసుములు, తిరుగుడు ఏవీ మీ మీద పడవు. ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ పత్రం, రెండు ఫొటోలు, ఆధార్ నకలు మాత్రం ఈ నెల 14లోగా ఇవ్వండి.

జీతం, సదుపాయాలు

మీ మూల వేతనంలో మార్పు లేదు. ఇన్‌ఛార్జి భత్యంగా నెలకు రూ. 4,000 డిసెంబరు జీతం నుంచి కలుస్తుంది. నిల్వ ఉన్న 11 రోజుల ఆర్జిత సెలవులు, సర్వీసు కాలం, ప్రావిడెంట్ ఫండ్ ఖాతా, ఆరోగ్య బీమా ఉన్నవి ఉన్నట్టే కొనసాగుతాయి.

ప్రయాణం గురించి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండానే కె.పి.హెచ్.బి. కాలనీ స్టేషన్‌లో దిగవచ్చు. మారాల్సిన పని లేకపోయినా కోఠితో పోలిస్తే ఒక్కో వైపు అరగంటకు పైగానే పెరుగుతుందని ఒప్పుకుంటున్నాను. మెట్రో ఖర్చు పూర్తిగా సంస్థ భరిస్తుంది. నెలాఖరున కార్డు వివరాలు చూపిస్తే చాలు. మీ వేళలు ఉదయం 10 నుంచి సాయంత్రం 6:30 వరకు. రాత్రి 10కి ముగిసే షిఫ్టు వారానికి ఒక్కటే ఉంటుంది. ఆ రాత్రి కారులో ఇంటి దగ్గర దింపుతాం. అమ్మాయి పదో తరగతి పరీక్షలు ముగిసేదాకా ఆ ఒక్క రాత్రి షిఫ్టు కూడా మీకు వేయం. ఇది నేను శుక్రవారం చెప్పిన మాటే, ఇప్పుడు రాసి ఇస్తున్నాను.

మొదటి రెండు వారాలు స్టాకు సాఫ్ట్‌వేర్ తెలిసిన ఒకరు రోజూ రెండు గంటలు మీతో ఉంటారు. కూకట్‌పల్లిలో కొత్త ప్రోగ్రామ్ వాడుతున్నారు. కోఠిలో మీరు నోటుపుస్తకంలో రాసుకునేవన్నీ అందులో ఉన్నాయి గానీ, ఆ నోటుపుస్తకం కూడా వెంట తీసుకెళ్లండని నా సలహా.

2026 ఫిబ్రవరి చివరి వారంలో మీరూ నేనూ కూర్చుని ఈ ఏర్పాటు ఎలా ఉందో చూద్దాం. ప్రయాణమో ఇంటి పరిస్థితో నిజంగా కుదరకపోతే దిల్‌సుఖ్‌నగర్ వైపు ఉన్న మన శాఖల్లో ఖాళీ రాగానే మొదటి అవకాశం మీదే. అప్పటిదాకా భత్యం తగ్గదు.

ఈ ఉత్తర్వు రెండో ప్రతి మీద సంతకం చేసి, పైన అడిగిన పత్రాలతో పాటు నవంబరు 14, శుక్రవారం సాయంత్రంలోగా నా బల్ల మీద ఉంచండి. ఏ షరతు మీదైనా అభ్యంతరం ఉంటే సంతకానికి ముందే రాసి ఇవ్వండి, జవాబు కూడా రాతపూర్వకంగానే ఇస్తాను.

ఇట్లు,
సిబ్బంది విభాగాధిపతి

ప్రతులు: కోఠి శాఖ నిర్వాహకులకు, కూకట్‌పల్లి శాఖకు, జీతాల విభాగానికి